ఆర్థో వార్డులో మొదటి రాత్రి: పేషంట్ జర్మన్ ఎలా వినాలి

అక్కా, నాది ఖమ్మం. బీఎస్సీ నర్సింగ్ చేసి హైదరాబాద్‌లో నాలుగేళ్ళు సర్జికల్ వార్డులో పనిచేశాను. జర్మన్ బీ2 పాసయ్యాను. సెప్టెంబరులో జర్మనీలో ఒక ఆర్థో వార్డులో చేరాలి. అనాటమీ పదాలు, జబ్బుల పేర్లు రాసుకుని మూడు నోటుపుస్తకాలు నింపాను. కానీ వీడియోల్లో అక్కడి ముసలివాళ్ళు మాట్లాడుతుంటే సగం అర్థం కావట్లేదు. టెన్షన్‌గా ఉంది. ముందు ఏ మాటలు నేర్చుకోవాలి?

చెల్లీ, ఆ మూడు పుస్తకాలూ కొన్నాళ్ళు అటక మీద పెట్టు. అందులో ఉన్నవి డాక్టర్ల మాటలు, అవి సగం నీకు ముందే వచ్చు. థ్రాంబోజె, ఫ్రాక్టూర్, డెకుబిటుస్ లాంటివి గ్రీకు, లాటిన్‌ల నుంచి వచ్చాయి కాబట్టి చూడగానే గుర్తుపడతావు. మంచం మీదున్న మనిషి అలా మాట్లాడదు. మన పెద్దవాళ్ళు డయాబెటిస్ అనకుండా షుగర్ అన్నట్టే అక్కడి వాళ్ళు "త్సుకెర్" అంటారు, అంటే చక్కెరే. మనం కాళ్ళకి నీరు పట్టింది అంటాం, వాళ్ళు "వాసెర్ ఇన్ డెన్ బైనెన్" అంటారు, కాళ్ళల్లో నీరు. నడుము పట్టేస్తే "హెక్సెన్‌షుస్", మంత్రగత్తె వేసిన బాణం దెబ్బ. నా పేషంట్లలో లుంబాగో అన్నవాళ్ళు ఇప్పటిదాకా తగల్లేదు.

ఉచ్చారణ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. నేను "హ్" అని రాసిన చోట కొన్నిసార్లు వాళ్ళ శబ్దం మన హ కీ ష కీ మధ్యలో ఉంటుంది. "యూ" అని రాసిన చోట పెదాలు ఊ కి చుట్టినట్టు చుట్టి, లోపల నాలుకతో ఈ అనాలి. తెలుగు లిపిలో ఇంతకన్నా దగ్గరికి పోలేం, మిగతాది చెవితో పట్టుకోవాల్సిందే.

ఇక అసలు విషయం. మనం జర్మన్‌ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటాం. క్లాసులో అలాగే చెప్తారు కాబట్టి తప్పదు. కానీ ఒంట్లో ఎలా ఉందో చెప్పే మాటలు వచ్చేసరికి జర్మన్‌కి ఇంగ్లిష్ కన్నా తెలుగే దగ్గర. మనం "నేను చలిగా ఉన్నాను" అనం, "నాకు చలిగా ఉంది" అంటాం. జర్మన్ వాళ్ళదీ అదే వరస: "మీర్ ఇస్ట్ కల్ట్". ఇక్కడ మీర్ అంటే నాకు. మన "మీరు"లా వినిపిస్తుంది కాబట్టి మొదటి వారం కాస్త తికమకగానే ఉంటుంది. ఇంగ్లిష్ నుంచి దించి "ఇహ్ బిన్ కల్ట్" అంటే నేను రాతిగుండెదాన్ని అన్నట్టు వస్తుంది. "ఇహ్ బిన్ హైస్" అంటే, వేడిగా ఉందని చెప్పబోయి వార్డంతా నవ్వుకునే ఇంకో అర్థం చెప్పినట్టు. "మీర్ ఇస్ట్ హైస్" అనాలి. కళ్ళు తిరుగుతుంటే "మీర్ ఇస్ట్ ష్విన్డెలిహ్". వీపు నొప్పెడుతుంటే "మీర్ టూట్ డేర్ ర్యుకెన్ వే". నువ్వు అడిగేటప్పుడు మీర్ తీసేసి ఈనెన్ పెట్టు, అంటే మీకు. "ఇస్ట్ ఈనెన్ ష్విన్డెలిహ్?" మీకు కళ్ళు తిరుగుతున్నాయా? మక్కీకి మక్కీ తెలుగే.

కాలంలోనూ అంతే. నొప్పి ఎప్పట్నుంచి ఉంది అని మనం వర్తమానంలోనే అడుగుతాం. జర్మన్‌లోనూ వర్తమానమే: "జైట్ వాన్ హాబెన్ జీ ష్మెర్ట్సెన్?" ఇంగ్లిష్ మీదుగా వచ్చినవాళ్ళు ఇక్కడ భూతకాలం పెడతారు. అప్పుడు పేషంట్‌కి "ఎప్పట్నుంచి ఉండేది?" అన్నట్టు వినిపించి, పాత ఆపరేషన్ కథ మొదలెడుతుంది.

ఇప్పుడు క్లాసులో ఒక అర్థం చెప్పి వార్డులో ఇంకో అర్థం వచ్చే మాటలు. "ష్లెహ్ట్" అంటే చెడ్డ అని నేర్చుకున్నావు. పేషంట్ "మీర్ ఇస్ట్ ష్లెహ్ట్" అంటే ఒంట్లో బాగోలేదు అని కాదు, కడుపులో తిప్పుతోంది అని. కిడ్నీ ట్రే తీసుకుని పరుగెత్తాలి. దాన్ని వాళ్ళు కూడా "నీరెన్‌షాలే" అనే అంటారు, మూత్రపిండం గిన్నె. "బ్రెహెన్" అంటే విరగడం. అదే మాటకి వాంతి చేసుకోవడం అన్న అర్థమూ ఉంది. ఆర్థో వార్డులో ఇది నిజంగా ఇరుకున పెడుతుంది. "ఇహ్ హాబె గెబ్రొఖెన్" అంటే వాంతి అయింది అని. "ఇహ్ హాబె మీర్ డెన్ ఆర్మ్ గెబ్రొఖెన్" అంటే నా చెయ్యి విరిగింది అని. మధ్యలో "నాకు", "చెయ్యి" వచ్చాయా లేదా అన్నదొక్కటే గుర్తు. "మీర్ ఇస్ట్ కోమిష్" అంటే నవ్వులాట కాదు, ఏదోలా ఉంది అని. ముసలివాళ్ళ నోట ఇది వస్తే తేలిగ్గా తీసుకోకు. ఎందుకో చివర్లో చెప్తాను.

"ఎస్ గేట్" అనేది ఇంకోటి. ఎలా ఉన్నారు అంటే పదిమందిలో ఆరుగురు ఇదే అంటారు. మన "పర్లేదమ్మా" లాంటిది. పర్లేదు అన్న పెద్దమనిషికి నిజంగా పర్లేదో లేదో మన ఊళ్ళో ఎంత తెలుస్తుందో అక్కడా అంతే. అందుకే అంకె అడగాలి: "ఔఫ్ ఐనర్ స్కాలా ఫొన్ నుల్ బిస్ త్సేన్, వీ ష్టార్క్ జిన్ట్ ఈరె ష్మెర్ట్సెన్?" సున్నా నుంచి పది దాకా చెప్పమంటే మీ నొప్పి ఎంత? అడిగేది ఒకసారి కాదు, రెండుసార్లు. "ఇన్ రూఎ", కదలకుండా పడుకున్నప్పుడు ఎంత? "బై బెవేగుంగ్", కదిలితే ఎంత? పడుకున్నప్పుడు మూడు దాటినా, కదిలినప్పుడు అయిదు దాటినా ఏదో ఒకటి చెయ్యాలి అన్నది అక్కడ మామూలుగా పాటించే హద్దు. మందు అడిగేటప్పుడు వాళ్ళు "ఎట్వాస్ గేగెన్ ష్మెర్ట్సెన్" అంటారు, నొప్పికి ఎదురుగా ఏదైనా అన్నట్టు. డాక్టర్ ముందే రాసి ఉంచే అవసరమైతే మందుని "బై బెడార్ఫ్" అంటారు. మనం ఎస్ఓఎస్ అనేది అదే.

అంకె తర్వాత నొప్పి ఎలాంటిదో అడగాలి. ఇక్కడ నీకు తెలుగు బాగా పనికొస్తుంది, ఎందుకంటే నొప్పికి మనకున్నన్ని మాటలు పాఠ్యపుస్తకం ఇంగ్లిష్‌లో దొరకవు. పోటు అంటే "ష్టెహెన్ట్". మంట అంటే "బ్రెనెన్ట్". సలుపు, అంటే గుండె కొట్టుకున్నట్టు తపతపలాడేది, "పొఖెన్ట్". గుంజినట్టుంటే "త్సీయెన్ట్". బరువు పెట్టి నొక్కినట్టుంటే "డ్ర్యుకెన్ట్". మెలిపెట్టినట్టుంటే "క్రాంఫ్‌ఆర్టిహ్". నాకు బాగా నచ్చింది "ఆమైజెన్‌లౌఫెన్". మాటకి మాట విడదీస్తే చీమల పరుగు. కాలి మీద చీమలు పాకినట్టుంది అని మా అమ్మమ్మ అనేది సరిగ్గా అదే. ఈ మాట ఆర్థో వార్డులో ఎందుకు ముఖ్యమో నీకు చెప్పక్కర్లేదు. సిమెంటు కట్టు వేసిన చెయ్యి ఉబ్బి, నరం నలుగుతుంటే పేషంట్ మొదట చెప్పేది ఇదే, లేదంటే "టౌప్" అంటుంది, అంటే మొద్దుబారింది అని. అప్పుడు వేళ్ళు కదపమని అడగాలి: "క్యొనెన్ జీ డీ ఫింగర్ బెవేగెన్?" వేళ్ళ రంగు, చల్లదనం చూసి, అదే నిమిషంలో డాక్టర్‌కి చెప్పాలి. నొప్పి ఎటైనా పాకుతోందా అనడానికి "ష్ట్రాల్ట్ డేర్ ష్మెర్ట్స్ ఔస్?"

తెలుగు మనకి ఎదురు తిరిగే చోటు కూడా ఒకటుంది. "నొప్పేం లేదుగా?" అని అడిగితే మనం "అవునండి, లేదు" అంటాం. జర్మన్‌లో అలా కుదరదు. లేకపోతే "నైన్". ఉంటే "యా" కాదు, "దొఖ్". ఈ దొఖ్‌కి తెలుగులో ఒక్క మాట లేదు. నువ్వు లేదన్నావు గానీ ఉంది అని చెప్పడం అది. పేషంట్‌కి ఎలర్జీలేం లేవుగా అని నువ్వు అడిగి, అతను దొఖ్ అంటే, అది చిన్న మాటే కదా అని దాటేస్తే పెన్సిలిన్ దగ్గర ప్రాణం మీదికొస్తుంది. అంతకన్నా మంచి దారి, లేదుగా అని అడగడమే మానెయ్యి. "హాబెన్ జీ ఆలెర్గీయెన్?" అని తిన్నగా అడుగు. ఉందా అంటే ఉందో లేదో చెప్తారు.

ఇక మీరు, నువ్వు. పేషంట్లందరికీ "జీ", అంటే మీరు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడైనా సరే. తోటి నర్సులు మాత్రం మొదటి రోజే "డూ" అనేస్తారు, నొచ్చుకోకు. ముసలి పేషంట్లు నిన్ను "ష్వెస్టర్" అని పిలుస్తారు, మన సిస్టర్ లాగే. 2020లో కొత్త చట్టం వచ్చాక కాగితాల మీద నీ హోదా "ఫ్లేగెఫాఖ్‌ఫ్రౌ". మగవాళ్ళకైతే చివర ఫ్రౌ బదులు "మాన్".

నీకు పనిలో తేడా కనిపించేది స్నానం దగ్గర. హైదరాబాద్‌లో ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం అటెండరో ఆయమ్మో ఇంటివాళ్ళో చూసుకుంటారు. అక్కడ ఇంటివాళ్ళు పలకరించి వెళ్ళిపోతారు, ఆ పని నర్సుదే. అందుకని బీ2లో నువ్వు నేర్చుకున్న పర్యావరణం మీద వ్యాసం కన్నా, "ఇస్ట్ డాస్ వాసెర్ జో ఆన్‌గెనేమ్?" అన్న వాక్యం ఎక్కువసార్లు వాడతావు. నీళ్ళు ఇలా బావున్నాయా అని. ఏది ముట్టుకోబోతున్నా ముందు "దార్ఫ్ ఇహ్?" అను, చేయొచ్చా అని. కింది భాగం దగ్గరికొచ్చేసరికి గుడ్డ చేతికిచ్చి, "మ్యొహ్టెన్ జీ డెన్ ఇన్‌టీమ్‌బెరైహ్ జెల్బ్‌స్ట్ వాషెన్?" అని అడిగితే చాలామంది తామే కడుక్కుంటారు, నీకూ సిగ్గు తప్పుతుంది. మంచం పైన వేలాడే పట్టుకొయ్యని "గాల్గెన్" అంటారు. నిఘంటువు తీసి చూస్తే ఉరికంబం అని ఉంటుంది, బెదిరిపోకు.

మూత్రం, విరేచనం గురించి అడగడానికి కూడా మన పాత మర్యాదే పనికొస్తుంది. మనకి ఒంటికీ రెంటికీ ఉన్నట్టే వాళ్ళకీ చిన్న పని, పెద్ద పని ఉన్నాయి. పేషంట్ "ఇహ్ ముస్ మాల్" అని ఆగిపోతే ఏం చెయ్యాలో చెప్పలేదే అని ఎదురుచూడకు, బాత్రూం అనే అర్థం. "గ్రోస్ ఓడర్ క్లైన్?" అని నెమ్మదిగా అడగొచ్చు. రికార్డు కోసమైతే "హాటెన్ జీ హొయ్టె ష్టూల్‌గాంగ్?" ఇవాళ మోషన్ అయిందా? మగవాళ్ళ యూరిన్ బాటిల్‌ని "ఎన్టె" అంటారు, బాతు. బెడ్‌పాన్‌ని "షీబర్" అనీ "ఫానె" అనీ అంటారు. ఈ ఫానె అన్న మాటే వంటింట్లో పెనం. మొదటి వారంలో ఒక తాత పొద్దున్నే బాతు కావాలన్నాడు, మతిమరుపు ఉందేమో అనుకుని నేను షిఫ్ట్ చేతులు మారేటప్పుడు అలాగే చెప్పబోయాను. అదృష్టం, పక్కనున్నామె నా మొహం చూసి కనిపెట్టేసింది.

నవ్వుకుని వదిలెయ్యలేని విషయం అంకెలు. జర్మన్‌లో ఒకట్ల స్థానం ముందు వస్తుంది. ముప్పై అయిదుని అయిదూ-ముప్పై అన్నట్టు "ఫ్యున్ఫ్-ఉన్ట్-డ్రైసిహ్" అంటారు. చెవి విన్న వరసలో చెయ్యి రాసుకుపోతే 53 పడుతుంది. షుగర్ 235 అని చెప్తే 253 రాయడం నేనే చేశాను, ఇన్సులిన్ ఇచ్చే ముందు మీటర్ మళ్ళీ చూశాను కాబట్టి సరిపోయింది. ఇంట్లో చెయ్యాల్సిన సాధన ఇది: ఎవరో ఒకరు అంకెలు చదువుతుంటే, మాట పూర్తయ్యేదాకా పెన్ను కాగితానికి ఆనించకుండా రాయడం. రోజూ పది నిమిషాలు చాలు. టైము దగ్గరా ఇదే చిక్కు. "హాల్ప్ ఆఖ్ట్" అంటే సగం ఎనిమిది, అంటే ఏడున్నర. ఎనిమిదిన్నర కాదు. ఏడున్నరకి థియేటర్‌కి పంపాల్సిన పేషంట్‌కి ఏడింటికి టిఫిన్ పెట్టేస్తే ఆ రోజు ఆపరేషన్ లేనట్టే. ఆ పేషంట్ "న్యుహ్టెర్న్" ఉండాలి, అంటే ఖాళీ కడుపుతో.

చార్టు కూడా అంతే. కంప్యూటర్‌లో నీకు RR అని కనిపిస్తుంది. మనకి అది రెస్పిరేటరీ రేటు. అక్కడ బీపీ. 1896లో చేతికి పట్టీ కట్టి బీపీ చూసే పద్ధతి తెచ్చిన ఇటలీ డాక్టర్ రివా-రొచ్చి పేరులో మొదటి అక్షరాలవి. నేను మొదటి రోజు ఆ గడిలో 18 అని కొట్టాను. పక్కనున్నామె వంగి చూసి, ఈ పేషంట్‌ని ఐసీయూకి పంపాలా, మార్చురీకి పంపాలా అంది. శ్వాస లెక్కకి వాళ్ళ గడి AF. మనకి ఏఎఫ్ అంటే గుండె లయ తప్పడం. HF అంటే హార్ట్ ఫెయిల్యూర్ కాదు, నాడి లెక్క. షుగర్‌ది BZ. ఈ నాలుగూ అరచేతిలో రాసుకుని వెళ్ళినా తప్పులేదు.

ఇవన్నీ ఒక్క రాత్రిలో ఎలా కలిసొస్తాయో చెప్తాను. నైట్ డ్యూటీ, వార్డు మొత్తానికి నేనొక్కదాన్నే. ముందురోజు తుంటి మార్పిడి అయిన 78 ఏళ్ళావిడ బెల్ కొట్టింది. ఆ ఆపరేషన్‌ని వాళ్ళు "హ్యుఫ్ట్-టెప్" అంటారు. వెళ్ళేసరికి "ష్వెస్టర్, మీర్ ఇస్ట్ జో కోమిష్" అంది. ఏదోలా ఉంది. సాయంత్రం బీపీ 135/80, నొప్పి అడిగితే ఎస్ గేట్ అని ఉంది రికార్డులో. "ఇస్ట్ ఈనెన్ ష్విన్డెలిహ్?" అన్నాను. "యా." "ఇస్ట్ ఈనెన్ యూబెల్?" కొంచెం వికారంగా ఉంది అంది. "హాబెన్ జీ ష్మెర్ట్సెన్ ఇన్ డేర్ బ్రుస్ట్?" ఛాతీలో నొప్పి లేదు. "బెకొమెన్ జీ గూట్ లుఫ్ట్?" ఊపిరి అందుతోందా? అందుతోంది. నుదురు తాకితే చల్ల చెమట. దీనికి వాళ్ళ మాట "కల్ట్‌ష్వైసిహ్", విడదీస్తే చల్ల-చెమట, మనదే. బీపీ 95/60, నాడి 118, ఆక్సిజన్ 94.

"ఇహ్ షౌఎ మీర్ మాల్ డెన్ ఫెర్‌బాన్ట్ ఆన్," కట్టు ఒకసారి చూస్తాను అని చెప్పి దుప్పటి ఎత్తాను. పైనుంచి చూస్తే కట్టు మామూలుగానే ఉంది. తుంటి కట్టు ఎప్పుడూ పైనుంచి చూసి వదలకూడదు, రక్తం కిందికి జారుతుంది. చెయ్యి కిందికి పెట్టి చూస్తే పక్క షీటు తడిగా, వెచ్చగా తగిలింది.

తల వైపు మంచం దించి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆ ఫోన్ మాటలు నువ్వు గట్టిగా చదివి నోటికి తెచ్చుకో, పేషంట్ మారినా వరస మారదు. ముందు వార్డు, నీ పేరు. తర్వాత "ఎస్ గేట్ ఉమ్ ఐనె పాట్సియెన్టిన్, ఆఖ్ట్-ఉన్ట్-జీబ్‌త్సిహ్ యారె, హ్యుఫ్ట్-టెప్, ఏర్‌స్టర్ టాగ్", అంటే ఫలానా పేషంట్ గురించి, 78 ఏళ్ళు, తుంటి మార్పిడి, మొదటి రోజు. గమనించావా, పేషంట్ నోట పర్లేదు అయిన ఎస్ గేట్, పక్కన "ఉమ్" చేరేసరికి "ఫలానా విషయం" అయిపోయింది. తర్వాత చూసింది: "డేర్ ఫెర్‌బాన్ట్ ఇస్ట్ డుర్హ్‌గెబ్లూటెట్", కట్టు రక్తంతో తడిసిపోయింది. తర్వాత అంకెలు. ఇక్కడ తొంభై అయిదు అని పూర్తి మాట చెప్పకుండా విడి అంకెలు చెప్పాను: "నొయ్న్, ఫ్యున్ఫ్, త్సూ జెహ్‌త్సిహ్." నిద్ర మత్తులో ఉన్న డాక్టర్ తారుమారు చేసుకోడు. రెండుకి ఫోన్లో "త్స్వై" అనకుండా "త్స్వో" అంటే మూడుతో కలవదు. ఆఖరున అడిగేది సూటిగా: "బిటె కొమెన్ జీ జొఫోర్ట్", వెంటనే రండి. మన అలవాటు ప్రకారం "మీకు వీలైతే ఒకసారి చూస్తారా సార్" అని నానిస్తే పొద్దున చూస్తాలే అనుకుంటారు. ఆయన చెప్పిన ఆర్డర్ని "ఇహ్ వీడర్‌హోలె" అని మొదలుపెట్టి తిరిగి చదివాను.

పది నిమిషాల్లో వచ్చాడు. ఒత్తుడు కట్టు వేసి రక్తం పంపితే హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది, రెండు "కొన్‌జెర్వెన్" తెప్పించమన్నాడు. ఆ మాటకి డబ్బా ఆహారం అనే అర్థమూ ఉంది, ఇక్కడ రక్తం సంచులు. ఎక్కించే ముందు మంచం పక్కన చేసే గ్రూపు పరీక్ష అక్కడ డాక్టర్ బాధ్యత. డాక్టర్ పక్కన లేకుండా నిన్ను చెయ్యమంటే ఒప్పుకోకు.

తెల్లారి ఆరింటికి రౌండ్‌కి వెళ్తే ఆవిడ రంగు తిరిగి ఉంది. ఎలా ఉన్నారు అంటే "ఎస్ గేట్" అంది, మళ్ళీ అదే. అంకె చెప్పమన్నాను. కాస్త ఆలోచించి, పడుకుంటే రెండు, కదిలితే నాలుగు అంది. అదే కొట్టి షిఫ్ట్ అప్పజెప్పాను.